డబ్బు కట్ అయింది, పేమెంట్ ఫెయిల్ అంటోంది: ఆ డబ్బు ఎక్కడ ఆగింది, ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది

తిరుపతి కొర్లగుంటలో నాకొక చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు ఉంది. ఫీజులు కట్టడానికి, టికెట్లు తీయడానికి, అప్లికేషన్లు నింపడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. వారానికి ఒకరిద్దరైనా నా ముందు కూర్చుని, ఫోన్ నా చేతికిచ్చి, "అన్నా, డబ్బులు పోయినాయి, అక్కడేమో ఫెయిల్ అంటాంది, ఎప్పుడొస్తాయి?" అని అడుగుతారు. చాలామంది వాళ్లకు చెప్పే జవాబు ఒకటే, "మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది, ఆగండి" అని. ఆ జవాబు సగమే నిజం. ఎన్ని రోజులన్నది డబ్బు ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి ఉంటుంది, ఎక్కడ ఆగిందో మీ ఫోన్లోనే తెలుసుకోవచ్చు. అదెలాగో వివరంగా రాస్తున్నాను. యూపీఐ గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే గొడవల్లో చాలావరకు అవే.

అసలు ముందు మన దగ్గరే ఎందుకు కట్ అవుతుంది

యూపీఐలో డబ్బు పంపడమంటే ఒక పని కాదు, ఒకదాని తర్వాత ఒకటి జరిగే రెండు పనులు. మీరు పిన్ కొట్టగానే మీ యాప్ ఆ సంగతి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వాళ్ల స్విచ్‌కి, అంటే బ్యాంకుల మధ్య కబుర్లు చేరవేసే సిస్టమ్‌కి పంపుతుంది. ఆ స్విచ్ ముందు మీ బ్యాంకును అడుగుతుంది, ఈ అకౌంట్లో ఇంత తీసెయ్ అని. మీ బ్యాంకు తీసేసి "తీశాను" అని చెప్పాకే అది అవతలి బ్యాంకును అడుగుతుంది, ఫలానా అకౌంట్లో ఇంత వెయ్ అని. ముందు తీయడం, తర్వాత వేయడం, వరస ఎప్పుడూ ఇదే. డబ్బు ఉందో లేదో చూసి తీయకుండా అవతల వేసేస్తే ఎవరు పూచీ? అందుకే మధ్యలో ఏది తెగినా, అప్పటికే మీ వైపు లెక్క రాసేసి ఉండే అవకాశం ఎక్కువ.

తెగడమంటే ఎవరో డబ్బు తీసుకున్నారని కాదు, జవాబు రాలేదని. ఈ అడగడం, చెప్పడం అంతా కొన్ని సెకన్లలో అయిపోవాలి. పేమెంట్ అభ్యర్థనకు జవాబు చెప్పే గడువు అంతకుముందు 30 సెకన్లు ఉండేది, 2025 జూన్ నుంచి ఎన్‌పీసీఐ దాన్ని 15 సెకన్లకు తగ్గించింది. మీ బ్యాంకు సర్వర్ నిదానంగా ఉంది అనుకోండి, అది అకౌంట్లో 500 తీసేసింది, మీకు మెసేజ్ కూడా పంపేసింది, కానీ "తీశాను" అన్న మాట స్విచ్‌కి చేరేలోపు గడువు దాటిపోయింది. స్విచ్ లెక్కలో ఆ పేమెంట్ ఫెయిల్, మీ బ్యాంకు లెక్కలో డబ్బు తీసేశారు. ఫోన్లో మాట్లాడుతూ ఉండగా లైన్ కట్ అయితే అవతలివాళ్లు చివరి మాట విన్నారో లేదో మనకు తెలియదు కదా, సరిగ్గా అదే ఇక్కడ జరిగేది.

మొదటి పని: వెబ్‌సైట్ పేజీని నమ్మకండి, యాప్ హిస్టరీ చూడండి

ఫెయిల్ అని ఎర్రగా కనబడగానే అందరూ చేసే తప్పు వెంటనే ఇంకోసారి కట్టడం. దయచేసి ఆగండి. ముందు మీ యూపీఐ యాప్ తెరిచి హిస్టరీలో ఆ పేమెంట్ మీద నొక్కండి. అక్కడ మూడింటిలో ఒకటి ఉంటుంది: ఫెయిల్డ్, లేదా పెండింగ్ (కొన్ని యాప్‌లలో ప్రాసెసింగ్ అని ఉంటుంది), లేదా సక్సెస్. మీ డబ్బు ఎక్కడ ఆగిందో చెప్పేది ఈ ఒక్క మాటే, షాపు పేజీలోని మాట కాదు.

తర్వాత బ్యాంకు యాప్‌లో గానీ, పాస్‌బుక్ యాప్‌లో గానీ స్టేట్‌మెంట్ చూడండి. మెసేజ్‌ల మీద ఆధారపడకండి. కట్ అయిన మెసేజ్ వెంటనే వస్తుంది, తిరిగి పడిన మెసేజ్ ఒక్కోసారి రానే రాదు. స్టేట్‌మెంట్లో చాలా బ్యాంకులు పోయినదాన్ని UPI/DR అని, వచ్చినదాన్ని UPI/CR అని, పక్కన ఒక 12 అంకెల నంబర్‌తో చూపిస్తాయి. ఆ 12 అంకెలే యూటీఆర్ నంబర్. యాప్‌లో యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అని పొడుగ్గా ఇంకొకటి ఉంటుంది, అది వేరు. బ్యాంకు కౌంటర్లో అడిగేది ఈ 12 అంకెల నంబరే, దీన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తేదీ, సమయం, మొత్తం కనబడేలా స్క్రీన్‌షాట్ కూడా తీసుకోండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇది చేయరు, వారం తర్వాత వెతుక్కుంటూ కూర్చుంటారు.

ఫెయిల్డ్ అని ఉంటే

ఇది మూడింటిలో తేలికైనది. అవతల డబ్బు పడలేదని స్విచ్‌కి ఖాయంగా తెలుసు. అది మీ బ్యాంకుకు వెంటనే చెబుతుంది, తీసింది తిరిగి వెయ్ అని. చాలాసార్లు మీరు స్టేట్‌మెంట్ తెరిచేలోపే పోయిన ఎంట్రీ కిందనే వచ్చిన ఎంట్రీ ఉంటుంది, నిమిషాల్లో అయిపోతుంది. మీ బ్యాంకు సర్వరే ఆగిపోయి ఉంటే ఆ తిరిగి వెయ్ అన్న మాట కూడా దానికి చేరదు. అప్పుడు బ్యాంకులు తమ లెక్కలను ఎన్‌పీసీఐ లెక్కలతో సరిచూసుకునేటప్పుడు అది బయటపడి, ఆ రోజో మరుసటి రోజో అకౌంట్లో పడుతుంది. దీనికోసం ఫోన్లు చేసి ఇబ్బంది పడే అవసరం సాధారణంగా ఉండదు. ఒక రోజు చూడండి.

పెండింగ్ అని ఉంటే ఇక్కడే జాగ్రత్త కావాలి

మీ బ్యాంకు తీసేసింది, స్విచ్ అవతలి బ్యాంకును వెయ్ అని అడిగింది, ఆ బ్యాంకు నుంచి ఏ జవాబూ రాలేదు. వేసిందా, వేయలేదా? ఎవరికీ తెలియదు. కాబట్టి స్విచ్ దీన్ని ఫెయిల్ అని కొట్టేయలేదు. కొట్టేసి మీకు తిరిగిచ్చేస్తే, నిజానికి అవతల పడి ఉంటే అప్పుడు ఒక డబ్బు రెండు చోట్ల ఉన్నట్టు. అందుకని దీన్ని అయినట్టే లెక్కలోకి తీసుకుని బ్యాంకుల మధ్య సెటిల్‌మెంట్‌లో ఆ మొత్తాన్ని అవతలి బ్యాంకుకే చేర్చేస్తారు. ఆ తర్వాత అవతలి బ్యాంకు తన పుస్తకం చూసుకుని రెండింటిలో ఒకటి చేయాలి: ఆ మనిషి అకౌంట్లో వేసి "వేశాను" అని ధ్రువీకరించడం, లేదా వేయలేకపోతే తిరిగి పంపేయడం.

ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలా టెన్షన్ తగ్గుతుంది. మీ బ్యాంకుకు వెళితే "మా దగ్గర ఏమీ లేదు, మా వైపు నుంచి వెళ్లిపోయింది" అంటారు, మీకు ఒళ్లు మండుతుంది, కానీ వాళ్లు చెప్పేది నిజమే. తిప్పి పంపాల్సింది అవతలి బ్యాంకు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్‌లో కూడా అదే ఉంది: ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి యూపీఐలో పంపినప్పుడు, ఇక్కడ కట్ అయి అక్కడ పడకపోతే, అవతలి బ్యాంకు T+1 లోపు తిప్పి పంపాలి. T అంటే మీరు పంపిన తేదీ. ఇది క్యాలెండర్ తేదీ, బ్యాంకు పనిరోజు కాదు. శనివారం రాత్రి పంపితే ఆదివారం రాత్రికల్లా రావాలి, "ఆదివారం సెలవు కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు.

చిత్తూరులో ఉండే మా బామ్మర్దికి జరిగింది చెబుతాను. శ్రీకాళహస్తిలో ఇల్లు కట్టే మేస్త్రికి రాత్రి పదకొండున్నరకు 6,000 పంపాడు. కట్ అయింది, పెండింగ్. మేస్త్రికి ఫోన్ చేస్తే పడలేదన్నాడు. పొద్దున కూలీలకు ఇవ్వాలి కదా అని ఇంకో 6,000 పంపాడు, అదీ పెండింగే, ఎందుకంటే ఆ రాత్రి మేస్త్రి బ్యాంకు సర్వర్ మెయింటెనెన్స్‌లో ఉంది. తెల్లవారి ఏడింటికి రెండూ ఆయన అకౌంట్లో పడ్డాయి. మేస్త్రి మంచివాడు కాబట్టి తిరిగి పంపాడు. ముక్కూ మొహం తెలియని షాపతనికి పంపి ఉంటే? అలా రెండుసార్లు పడిన డబ్బును బ్యాంకు తనంతట తాను తిప్పదు, ఎందుకంటే దాని లెక్కలో రెండూ సరిగ్గా పూర్తయిన పేమెంట్లే. అందుకే పెండింగ్ ఉన్నంతసేపు అదే మనిషికి రెండోసారి పంపొద్దు. తప్పదంటే చేతి డబ్బు ఇవ్వండి, లేదా అతనికి వేరే బ్యాంకు అకౌంట్ ఉంటే దానికి పంపండి, మొదటిది కూడా వచ్చి పడితే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి.

సక్సెస్ అని ఉండి, వెబ్‌సైట్లో మాత్రం ఫెయిల్ అని ఉంటే

ఎక్కువ కంగారు పెట్టేదీ, ఎక్కువ రోజులు పట్టేదీ ఇదే. ఇక్కడ బ్యాంకుల పని అయిపోయింది. మీ డబ్బు ఆ వెబ్‌సైట్ తరఫున డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే దగ్గరికి చేరింది. కానీ ఆ చేరిన సంగతి వెబ్‌సైట్‌కు తెలియలేదు. పేమెంట్ పేజీ కొన్ని నిమిషాలే తెరిచి ఉంటుంది, లోపల కబురు రాకపోతే అది ఫెయిల్ అని చూపించి మూసేసుకుంటుంది.

కిందటి ఏడాది పలమనేరు నుంచి ఒక అక్క వచ్చింది, కూతురిని ఇక్కడ కాలేజీలో చేర్చింది. హాస్టల్ ఫీజు 18,500. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు నా సిస్టమ్‌లో కాలేజీ పేజీ తెరిచి, క్యూఆర్ వస్తే ఆమె ఫోన్‌తో స్కాన్ చేసింది. పిన్ కొట్టింది, కట్ అయిన మెసేజ్ వచ్చింది, నా స్క్రీన్ మీద చక్రం తిరిగి తిరిగి ఫెయిల్ అని వచ్చింది. సోమవారం ఆఖరి తేదీ. ఆమె కళ్లలో నీళ్లు. ఆ 18,500 చీటీ పాడి తెచ్చిన డబ్బు.

యాప్‌లో చూస్తే సక్సెస్ అని ఉంది. అంటే ఆమె బ్యాంకుకు వెళ్లి ఉపయోగం లేదు, అడగాల్సింది కాలేజీ ఆఫీసును. యూటీఆర్ నంబర్, మొత్తం, సమయం, పేజీలో వచ్చిన ఆర్డర్ నంబర్ రాసి, రెండు స్క్రీన్‌షాట్లు పెట్టి, ఆ సాయంత్రమే కాలేజీ అకౌంట్స్ వాళ్లకు మెయిల్ పెట్టాం. అలా తేదీతో ఉన్న మెయిల్ ఒకటి ఉంటే ఆఖరి తేదీ దాటినా మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. శనివారం వాళ్లు తమ గేట్‌వే లెక్కలో ఆ నంబర్ వెతికి చూసి చెప్పారు, డబ్బు గేట్‌వేకు ఆలస్యంగా చేరింది, మా ఆర్డర్ అప్పటికే మూసుకుపోయింది కాబట్టి మేం దాన్ని తీసుకోలేదు, తిరిగి వచ్చేస్తుంది అని.

ఈ జవాబు రెండు రకాలుగా రావచ్చు, కాబట్టి అడిగి తెలుసుకోవాల్సిందే. కొన్ని సంస్థలు ఆలస్యంగా వచ్చిన డబ్బును కూడా తీసేసుకుని, మరుసటి రోజు రసీదు ఇచ్చేస్తాయి. అప్పుడు ఫీజు కట్టినట్టే, ఇంకోసారి కట్టక్కరలేదు. ఇంకొన్ని తీసుకోవు, గేట్‌వే దాన్ని తిరిగి పంపేస్తుంది. అక్క విషయంలో రెండోది. వాళ్లు "తీసుకోలేదు" అని రాసి ఇచ్చాకే, సోమవారం మధ్యాహ్నం ఆమె అన్న అకౌంట్ నుంచి మళ్లీ కట్టాం, అది సరిగ్గా అయింది.

ఇక రోజుల లెక్క. షాపుకో సంస్థకో యూపీఐలో కట్టినప్పుడు, డబ్బు కట్ అయి అక్కడ ధ్రువీకరణ చేరకపోతే, రిజర్వ్ బ్యాంకు గడువు T+5. శుక్రవారం T, శనివారం ఒకటి, ఆదివారం రెండు, అలా లెక్కపెడితే బుధవారం ఐదు. ఆమెకు మంగళవారం సాయంత్రం పడింది. స్టేట్‌మెంట్లో అది వేరే నంబర్‌తో, వేరే పేరుతో వచ్చింది, గేట్‌వే కంపెనీ పేరుతో. ఆమె కాలేజీ పేరు కోసం వెతికి రాలేదనుకుంది. అందుకే రీఫండ్ వెతికేటప్పుడు పేరు, నంబర్ పట్టుకుని కూర్చోకండి, 18,500 అన్న మొత్తాన్ని చూడండి.

డెబిట్ కార్డుతో వెబ్‌సైట్లో కట్టినా, షాపులో మెషీన్ మీద గీకినా, ఏటీఎంలో నోట్లు రాకుండా కట్ అయినా గడువు ఇదే, T+5.

గడువు దాటితే రోజుకు వంద

చాలామందికి ఇది తెలియదు, తెలిసినవాళ్లు అడగరు. అదే 2019 సర్క్యులర్ ప్రకారం గడువు దాటిన తర్వాత ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున మీ అకౌంట్లో వేయాలి, అదీ మీరు అడగకముందే. 2019 అక్టోబర్ 15 నుంచి అమల్లో ఉంది. అక్క డబ్బు బుధవారం కాకుండా శనివారం వచ్చి ఉంటే మూడు రోజుల ఆలస్యం, అంటే 300. కట్ అయిన మొత్తం 50 రూపాయలైనా ఈ లెక్క మారదు.

కానీ దీనికి ఒక హద్దు ఉంది. తప్పు మీ వల్ల కాకూడదు. నంబర్ తప్పు కొట్టి వేరేవాళ్లకు పంపేస్తే అది ఫెయిల్ అయిన పేమెంట్ కాదు, సరిగ్గా పూర్తయిన పేమెంట్. అలాగే టికెట్ వచ్చాక మీరు క్యాన్సిల్ చేసుకుంటే వచ్చే రీఫండ్ ఆ కంపెనీ షరతుల ప్రకారం వస్తుంది, దానికి T+5 వర్తించదు.

రాకపోతే ఎవరిని, ఏ వరసలో అడగాలి

ముందు యాప్‌లోనే. హిస్టరీలో ఆ పేమెంట్ తెరిస్తే కింద సహాయం, లేదా ఫిర్యాదు అన్న బటన్ ఉంటుంది. అక్కడి నుంచి పెట్టిన ఫిర్యాదు ఆ యూటీఆర్ నంబర్‌తో సహా వెళుతుంది, మీరు వేరే ఫారం నింపక్కరలేదు. యాప్ నుంచి వచ్చే ఫిర్యాదు నంబర్ రాసుకోండి. దాంతో తేలకపోతే మీ అకౌంట్ ఉన్న బ్యాంకులో రాతపూర్వకంగా ఇవ్వండి, బ్రాంచికి వెళితే కాపీ మీద ముద్ర వేయించుకోండి. నోటిమాట చెప్పి వచ్చేస్తే తర్వాత ఏ తేదీన అడిగారన్న రుజువు ఉండదు. ఎన్‌పీసీఐ టోల్ ఫ్రీ నంబర్ 1800-120-1740కి కూడా చెప్పుకోవచ్చు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. cms.rbi.org.in లో పెట్టాలి, డబ్బేమీ కట్టక్కరలేదు, సందేహాలకు 14448 ఉంది. బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేయకుండా నేరుగా ఇక్కడికి వెళితే తీసుకోరు, అందుకే పైన ముద్ర సంగతి అంత గట్టిగా చెప్పాను.

ఇంకొక్కటి, ఇది నిజంగా భయపడాల్సిన విషయం. డబ్బు ఇరుక్కున్నప్పుడు చాలామంది కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతుకుతారు, అక్కడ దొంగలు పెట్టిన నంబర్లు ఉంటాయి. వాళ్లు చాలా మర్యాదగా మాట్లాడతారు, "మీ రీఫండ్ రెడీగా ఉందండి, ఈ యాప్ ఒకటి వేసుకోండి, పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పిన్ కొట్టారంటే మీ దగ్గర నుంచి పోతున్నట్టే. పైన చెప్పిన రివర్సల్‌లో ఎక్కడా మీరు చేయాల్సిన పనంటూ లేదని గమనించండి, ఫోన్ ఎత్తక్కరలేదు, లింకు నొక్కక్కరలేదు. కాబట్టి నంబర్ కావాలంటే బ్యాంకు యాప్‌లో, పాస్‌బుక్ మీద, లేదా కార్డు వెనక ఉన్నదే తీసుకోండి. ఒకవేళ అప్పటికే పిన్ కొట్టేసి డబ్బు పోయి ఉంటే, రివర్సల్ కోసం రోజులు లెక్కపెట్టకుండా ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.